రేటు కదిలితే ఎవరి వంతు ఎంత?

1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్లు. ఆ రోజుల్లో జపాన్ నుంచి సరుకు తెప్పించే అమెరికా వ్యాపారి ఒప్పందంలో మారకపు రేటు గురించి ఒక్క వాక్యమూ రాయనక్కర్లేదు. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారం ఇవ్వడం ఆపేశారు. డిసెంబరుకల్లా యెన్ రేటు 308కి మారింది. 1973 మార్చి నాటికి పెద్ద దేశాల కరెన్సీలన్నీ రోజూ మారే రేట్లకు వచ్చేశాయి. దీర్ఘకాలపు సరఫరా ఒప్పందాల్లో రేటు బ్యాండ్ షరతు అవసరమైంది అప్పటి నుంచే.

షరతులో మూడే మాటలుంటాయి: మూల రేటు, దానికి అటూ ఇటూ ఒక హద్దు, హద్దు దాటిన భాగంలో ఎవరి వంతు ఎంత అన్నది.

2013 రేట్లతో లెక్క వేద్దాం. హైదరాబాద్‌లోని ఒక మందుల ఫ్యాక్టరీ లక్ష డాలర్ల ముడిసరుకు దిగుమతికి మే మొదట్లో ఒప్పందం చేసుకుందనుకోండి. మూల రేటు 54 రూపాయలు, హద్దు రెండు రూపాయలు, పంపకం సగం సగం. 52, 56 మధ్య రేటు ఎటు కదిలినా బిల్లు మారదు, ఆ తేడా కొన్నవారిదే. ఆగస్టు 28న డాలరు 68.80 దగ్గర ముగిసింది. హద్దు దాటింది 12.80, అందులో సగం 6.40. అంటే ఫ్యాక్టరీకి పడే ఖర్చు 68.80 లక్షలు కాదు, 62.40 లక్షలు. అమ్మిన వారికి అందేది ఆ రోజు రేటున సుమారు 90,698 డాలర్లు. రూపాయి బలపడి డాలరు 52 కన్నా దిగితే లెక్క తిరగబడుతుంది, అమ్మిన వారికి లక్ష డాలర్ల పైన చేరుతుంది.

చాలా గొడవలకు మూలం ఒకటే. సగం పంచేది హద్దు నుంచా, మూల రేటు నుంచా? రేటు 56.10 అయిందనుకోండి. హద్దు నుంచైతే అమ్మినవారు భరించేది 5,000 రూపాయలు. మూల రేటు నుంచైతే 1,05,000. అదే 55.99 దగ్గర సున్నా. పదకొండు పైసల తేడాకు లక్ష రూపాయలు చేతులు మారుతుంటే చెల్లింపు తేదీని ఒక రోజు ముందుకో వెనక్కో జరపాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే నా ఓటు హద్దు నుంచి పంచే పద్ధతికే.

ఏ రేటు, ఏ రోజుది అన్నదీ ముఖ్యమే. ఇన్‌వాయిస్ నాటిదా, డబ్బు కట్టిన నాటిదా అని రాయకపోతే రెండు పక్షాలూ తమకు లాభమైన తేదీనే పట్టుకుంటాయి. ఇక ఫ్యాక్టరీ బ్యాంకులో మొత్తం లక్ష డాలర్లకూ ముందే ఫార్వర్డ్ తీసుకుని ఉంటే, రూపాయి బలపడినప్పుడు అది దెబ్బతింటుంది. చవక డాలరు లాభం దానికి దక్కదు, అయినా అమ్మిన వారికి వాటా ఇవ్వాలి.

సంతకం పెట్టేముందు హద్దుకు పది పైసలు లోపల ఒకసారి, పది పైసలు బయట ఒకసారి బిల్లు లెక్క వేసి చూడండి. రెండు అంకెల మధ్య పెద్ద గెంతు కనిపిస్తే ఆ వాక్యాన్ని తిరిగి రాయించండి.