ఏ సెకనులో మొదలవ్వాలి?

‘మంచి ఎమోషనల్ మ్యూజిక్ కావాలి’ అని ఒక్క ముక్క రాసి షార్ట్ ఫిల్మ్ పంపేస్తే, కంపోజర్‌కి మనం చెప్పింది ఏమీ లేనట్టే. రీరికార్డింగ్‌కి ముందు దర్శకుడు రాసే ఉత్తరంలో సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, ఆ మధ్యలో పాత్ర మనసులో ఏం నడుస్తోందో ఉండాలి. దీన్నే స్పాటింగ్ అంటారు.

ఒక సీను అనుకుందాం. భార్య పోయిన పెద్దాయన ఊళ్లో ఇంటికి తాళం వేసి, తీసుకెళ్లడానికి వచ్చిన కొడుకుతో సిటీకి బయల్దేరుతున్నాడు. ఉత్తరంలో ఆ భాగం ఇలా ఉండొచ్చు:

“రెండో బిట్టు. 7:18కి మొదలు, 7:42కి ఆఖరు. తాళం వేసేటప్పుడు సంగీతం వద్దు. గొళ్లెం చప్పుడు, తాళంచెవి తిరిగే చప్పుడు వినపడాలి. ఆయన చెయ్యి తాళాన్ని వదిలాక మొదలుపెట్టండి. కొడుకు చూస్తున్నాడని ఏడుపు ఆపుకుంటున్నాడు. 7:36కి వెనక్కి తిరిగి అరుగు చూస్తాడు, అక్కడ ఒక మార్పు కావాలి. 7:42కి వీధిలో ఆటో హారన్. సంగీతం టక్కున ఆగిపోవాలి.”

ఇందులో విషాదం అన్న మాటే లేదు. ఆ మాట రాస్తే కంపోజర్ ఏడుపు వాయిస్తాడు. ఆపుకుంటున్నాడని రాస్తే, తనూ ఆపి వాయిస్తాడు. ఏ వాయిద్యం వాడాలో చెప్పకపోవడమే మంచిది, అది ఆయన పని.

ఇక లెక్క. మొత్తం 24 సెకన్లు. నిమిషానికి 80 దెబ్బల నడక పెడితే ఆదితాళం ఒక్క ఆవర్తనానికి సరిగ్గా ఆరు సెకన్లు పడుతుంది. మూడు ఆవర్తనాలు పూర్తయ్యేసరికి పెద్దాయన అరుగు వైపు తిరుగుతాడు. నాలుగోది ముగిసేసరికి హారన్ మోగుతుంది.

ఇంత కుదిరాక ఎడిటర్ అరుగు షాట్‌కి ముందు ఒక్క సెకను, అంటే 24 ఫ్రేములు కోశాడనుకోండి. ఆయన 7:35కే తిరుగుతాడు, సంగీతం ఓ సెకను ఆలస్యంగా మారుతుంది. సరిచేయాలంటే ఆ మూడు ఆవర్తనాల నడకను దాదాపు 85కి పెంచాలి, అప్పుడు ఆ బరువులో తొందర కనిపిస్తుంది. ఎడిటింగ్ ఖాయమయ్యాకే, అంటే పిక్చర్ లాక్ తర్వాతే ఉత్తరం రాయమనేది ఇందుకే.

మరో చిక్కు టెంప్ ట్రాక్. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టుకున్న పాత సంగీతం వినీవినీ దర్శకుడికి అదే సినిమా సంగీతం అనిపిస్తుంది. 1968లో వచ్చిన ‘2001: ఏ స్పేస్ ఒడిస్సీ’కి అలెక్స్ నార్త్ చేసిన సంగీతాన్ని స్టాన్లీ కుబ్రిక్ పక్కనపెట్టి, ఎడిటింగ్‌లో వాడుకున్న పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నే సినిమాలో ఉంచేశాడు. టెంప్ పంపితే, అందులో మీకు నచ్చింది నడకా, వాయిద్యమా, నిశ్శబ్దమా అన్నది పక్కనే రాయండి.

ఉత్తరంతోపాటు తెరమీద టైమ్‌కోడ్ కనిపించే వీడియో పంపండి. ఫైల్ పేరులో వెర్షన్ నంబర్ పెట్టండి. ఇద్దరూ ఒకే కాపీ చూస్తుంటేనే 7:18కి అర్థం ఉంటుంది.