ఎకరానికి డెబ్బై గ్రాముల సున్నం!

మా ఊరు పాడేరు వైపు. కొండవాలున్న మెట్టలో అర ఎకరం, కింద పల్లంలో అర ఎకరం ఉన్నాయి మాకు. రెండేళ్లుగా రెండింటిలోనూ రాజ్మా పొట్టిగా, పాలిపోయి ఉంటోంది. మట్టి పరీక్ష చేయిస్తే రెండు చోట్లా pH 5.2 అని వచ్చింది. 6.4కి తేవాలి, సున్నం వెయ్యాలి. "ఎంత వెయ్యాలో లెక్కకట్టి చెప్పు, ఇంజనీరువి కదా" అన్నాడు నాన్న.

ఇంటర్ కెమిస్ట్రీ ఉందిగా అని కూర్చున్నాను. ఎకరం నేలలో పై పదిహేను సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందులో పాతిక శాతం నీరనుకుంటే 2.25 లక్షల లీటర్లు. pH 5.2 అంటే లీటరుకు 10^-5.2 మోల్ హైడ్రోజన్ అయాన్లు. మొత్తం 1.4 మోల్. ఒక మోల్ CaCO3 రెండు మోల్‌ల ఆమ్లాన్ని చంపుతుంది కాబట్టి కావలసింది 0.7 మోల్, అంటే డెబ్బై గ్రాములు. ఎకరానికి! కిళ్లీ కొట్టు వాడి దగ్గర అంతకన్నా ఎక్కువ సున్నమే ఉంటుంది.

అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. అక్క బాగా నవ్వింది. "లెక్క తప్పులేదురా. కానీ నువ్వు నీళ్లలో ఉన్న ఆమ్లాన్నే లెక్కేశావు. మట్టిని అంటుకుని ఉన్నది వదిలేశావు" అంది.

బంకమట్టి రేణువుల మీదా, కుళ్లిన ఆకుల పదార్థం మీదా హైడ్రోజన్, అల్యూమినియం అయాన్లు అతుక్కుని ఉంటాయి. నీళ్లలో ఉన్న కాస్త ఆమ్లాన్ని సున్నం తినేయగానే వీటిలో కొన్ని ఊడి నీళ్లలోకి వస్తాయి. అల్యూమినియం అయితే నీటితో కలిసి కొత్తగా ఆమ్లం పుట్టిస్తుంది:

```
Al3+ + 3 H2O → Al(OH)3 + 3 H+
```

నీళ్లలో ముంచిన pH మీటరుకు ఈ నిల్వ కనిపించదు. అది కనిపించాలంటే మట్టికి ఎదురుగా ఒక బఫర్‌ని పెట్టాలి. మేం వాడింది ఎస్‌ఎంపీ బఫర్. షూమేకర్, మెక్లీన్, ప్రాట్ అనే ముగ్గురు 1961లో ప్రకటించిన పద్ధతి. దాని సొంత pH 7.5. మట్టిలో దాగిన ఆమ్లం ఎంత ఎక్కువుంటే ఈ 7.5 అంత కిందకి దిగుతుంది. ఎంత దిగిందో చూస్తే నిల్వ ఎంతో తెలుస్తుంది.

సెలవుల్లో అక్కతో కలిసి ల్యాబ్‌లో నేనే చేశాను. నీడలో ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టి 5 గ్రాములు, దానికి 5 మిల్లీలీటర్ల నీళ్లు. మామూలు pH ఇక్కడే చూసుకోవచ్చు. తర్వాత 10 మిల్లీలీటర్ల బఫర్ పోసి పది నిమిషాలు కుదిపి, అరగంట వదిలేసి మళ్లీ pH చూడాలి. బఫర్‌లో క్రోమేట్, నైట్రోఫినాల్ ఉంటాయి, రెండూ విషాలే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, సింకులో పారబోయకూడదు. అందుకే 2006లో సికోరా అనే ఆయన వీటిని తీసేసిన బఫర్ ఒకటి తయారుచేశాడు.

మెట్ట మట్టికి 6.7 వచ్చింది, పల్లం మట్టికి 6.4. బఫర్ pH నుంచి సున్నం లెక్క చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. 6.4 లక్ష్యానికి అందులోని అంకెలు దాదాపు సరళరేఖ మీదే ఉన్నాయి:

```
LR = 1.2 + 5 × (6.7 − BpH)
```

LR అంటే ఎకరానికి ఎన్ని టన్నుల స్వచ్ఛమైన CaCO3 కావాలో. BpH అంటే బఫర్ పోశాక వచ్చిన pH. ఆ 5ని చూసి అక్క ఆగింది. 0.1 తేడా వస్తే అర టన్ను మారిపోతుంది! మామూలు pH కొలతలో ఎవరూ పట్టించుకోని తప్పు ఇక్కడ లారీ కిరాయి అవుతుంది. మట్టి కలపని బఫర్‌లో ఎలక్ట్రోడ్ ముంచమంది. 7.50 చూపించాలి. 7.68 చూపించింది. మీటర్ని మళ్లీ క్యాలిబ్రేట్ చేసి, కొత్తగా మట్టి తూచి మొదటినుంచీ చేస్తే మెట్టకు 6.5, పల్లానికి 6.2 వచ్చాయి.

మెట్టకు 1.2 + 5 × 0.2, అంటే 2.2 టన్నులు. పల్లానికి 1.2 + 5 × 0.5, అంటే 3.7 టన్నులు. ఎకరానికి ఇవి. మామూలు pH రెండింటికీ ఒకటే, సున్నం మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే తేడా. పల్లంలో బంకమన్ను ఎక్కువ, నిల్వా ఎక్కువే. పల్లం లెక్క మెట్టలో కూడా చల్లేసి ఉంటే pH అవసరానికి మించి ఎక్కి, జింకు, ఇనుము మొక్కకు అందకుండా పోయేవి. ఆకులు మళ్లీ పాలిపోయేవి, సున్నం చాలలేదేమో అని మేం ఇంకా చల్లేవాళ్లం.

దొరికిన సున్నపురాయి పొడిలో బలం 80 శాతమే. కాబట్టి 0.8తో భాగించాలి. అర ఎకరానికి మెట్టలో 1.4 టన్నులు, పల్లంలో 2.3 టన్నులు తేలింది. అదే తడి తగిలి విరిగిన పొడి సున్నం, అంటే Ca(OH)2 అయితే, స్వచ్ఛమైనదైనా 0.74 వంతు చాలు. పట్టిక ఎంత లోతు మట్టికి రాసిందో కూడా పైన చూసుకోవాలి. మనం దున్నే లోతు వేరైతే ఆ నిష్పత్తిలోనే లెక్క మారుతుంది.

నిల్వ బాగా తక్కువున్న ఇసుక నేలల్లో ఈ బఫర్‌ని అంతగా నమ్మలేం. pH అసలు దిగీ దిగనట్టు ఉంటుంది, మీటరు తప్పే కొలతంత అవుతుంది. 6.9, 7.0 లాంటి అంకె వస్తే నా రేఖని అక్కడిదాకా లాగొద్దు. 7.0 పెట్టి చూడండి, సున్నం మైనస్‌లో వస్తుంది.

నాన్నకి రెండు అంకెలూ చెప్పాను. పల్లానిది ఒకేసారి కొనడం కష్టమన్నాడు. అందుకని సగం ఈ వేసవి దుక్కిలో కలిపి, మిగతా సగం వచ్చే ఏడు మళ్లీ బఫర్ pH చూశాక వేద్దామనుకున్నాం. ఆ 70 గ్రాముల సంగతి మాత్రం ఆయనకి ఇంకా చెప్పలేదు.