జాలీ కింద సగం ఖాళీ

డిసెంబరు 31 రాత్రి మేడ మీద ఇటుకలు పేర్చి, జాలీ వేసి, బొగ్గుల మీద చికెన్ కాల్చుకోవడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాం. మసాలా అందరికీ బాగానే కుదురుతుంది, తేడా వచ్చేది నిప్పు దగ్గరే. మా మేడ మీద మొదటిసారి కాల్చినప్పుడు లెగ్ పీసులు పైన బొగ్గయ్యాయి. మా వాడు ఒకటి కొరికేసరికి ఎముక దగ్గర మాంసం పచ్చిగా, జిగురుగా ఉంది. జాలీ కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా నిప్పులు పరిచేశాను. మాడుతున్న ముక్కను పక్కకు జరుపుదామంటే చోటే లేదు.

అప్పటి నుంచి నిప్పులన్నీ ఒక పక్కకే పోస్తున్నాను. రెండో సగం కింద ఏమీ ఉండదు. నిప్పులున్న వైపు ముక్కకు రంగు వస్తుంది, ఖాళీ వైపు లోపల ఉడుకుతుంది. లావుపాటి లెగ్ పీసులో వేడి ఎముక దాకా చేరడానికి అరగంట పైనే కావాలి. పైనున్న పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి మాత్రం ఎర్రటి నిప్పుల మీద నాలుగైదు నిమిషాలకే మాడిపోతాయి. ఈ రెండు పనులూ ఒకే చోట కావు.

జాలీని పైకి లేపితే సరిపోదా అని అడుగుతారు. లేపితే సెగ తగ్గే మాట నిజమే కానీ, పరుచుకున్న నిప్పుల మీద కాస్త ఎత్తు పెంచినంత మాత్రాన పెద్దగా తగ్గదు. పక్కకు జరిపితే నిప్పుల సెగ ముక్కకు నేరుగా తగలదు, చుట్టూ తిరిగే వేడిగాలికే ఉడుకుతుంది. నేను ఇటుకలను పడుకోబెట్టి మూడు వరసలు పేరుస్తాను. నిప్పులు పోశాక వాటికీ జాలీకీ మధ్య 12 సెంటీమీటర్ల దాకా ఎడం మిగులుతుంది. గాలి ఆడటానికి కింది వరసలో ఇటుకల మధ్య సందులు వదలాలి. స్లాబు వేడికి పగలకుండా అడుగున కూడా ఇటుకలు పరచాలి. మూసి ఉన్న బాల్కనీలో మాత్రం ఈ పని వద్దే వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

నాలుగు లెగ్ పీసులకు కిలోన్నర బొగ్గు చాలు. కిరోసిన్ పోస్తే ఆ వాసన మాంసానికి పడుతుంది, కొబ్బరి పీచుతో రాజేస్తే మంచిది. మంటలు లేస్తున్నంత సేపూ ఏమీ పెట్టకండి. బొగ్గుల మీద తెల్లగా నివురు కమ్మేదాకా ఆగాలి, అందుకు దాదాపు అరగంట పడుతుంది. అప్పుడు జాలీకి జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తులో అరచేయి పెట్టి చూడండి. నిప్పుల వైపు రెండు మూడు సెకన్లకే చేయి తీసేయాలనిపించాలి. ఖాళీ వైపు ఏడెనిమిది సెకన్లు ఓర్చుకోగలగాలి.

ముక్కలకు ఎముక దాకా గాట్లు పెట్టి, ఉప్పు, నిమ్మరసం, తర్వాత పెరుగు మసాలా పట్టించి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు ఉంచుతాను. కాల్చేముందు పైన ముద్దగా ఉన్న మసాలాను వేలితో తుడిచేయాలి. జాలీకి అంటుకునేదీ, ముందుగా మాడేదీ అదే. ఆ ముక్కలను ఖాళీ వైపు పెట్టి, లావు భాగం నిప్పుల దిక్కుకు తిప్పి, పైన పెద్ద స్టీలు గిన్నె బోర్లిస్తాను. పొగ పోవడానికి గిన్నె అంచు కింద చిన్న రాయి పెడితే చాలు. పావుగంటకు ఒకసారి తిరగేసి, మళ్లీ మూసి ఇంకో పావుగంట ఉంచుతాను. ఆ తర్వాతే గిన్నె తీసి, నూనె రాసి, నిప్పుల మీదికి జరుపుతాను. అక్కడ ఐదారు నిమిషాలు, నిమిషానికోసారి తిప్పుతూ కాలిస్తే అంచులు నల్లబడి రంగు తేలుతుంది. నూనె కారి మంట లేస్తే నీళ్లు చల్లకండి, బూడిద ఎగిరి ముక్కలకు అంటుకుంటుంది. ఖాళీ వైపుకు జరిపితే మంట దానంతటదే తగ్గుతుంది.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి తేల్చలేం. లేతకోడి ఎముక మూలుగలోని ఎరుపు మాంసంలోకి దిగి, పూర్తిగా ఉడికాక కూడా ఎముక పక్కన గులాబీ రంగు కనిపించవచ్చు. వంటింటి థర్మామీటర్ మొనను ఎముకకు తగలకుండా లావు భాగంలోకి గుచ్చితే కనీసం 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. లెగ్ పీసు 80 దాటితే ఇంకా మెత్తగా, ఎముక నుంచి సులువుగా వస్తుంది. థర్మామీటర్ లేకపోతే అన్నిటికన్నా లావైన ముక్కను కోసి చూడండి. మాంసం పీచులుగా విడిపోవాలి, నిగనిగలాడుతూ జిగురుగా ఉండకూడదు. అలా ఉంటే మళ్లీ ఖాళీ వైపు పెట్టి, గిన్నె మూసి, ఎనిమిది నిమిషాలు ఆగి చూడాలి.

దింపాక ముక్కలను ఐదు నిమిషాలు కదపకుండా వదిలేస్తాను. ఆలోపు మిగిలిన నిప్పుల్లో నూనె రాసిన రెండు పెద్ద వంకాయలు పడేస్తే మర్నాటి పచ్చడికి పనికొస్తాయి.