నడక ఏ వేగం దగ్గర పరుగు అవుతుంది? అప్పుడు పిక్కలో ఏం జరుగుతుంది?

జంషెడ్‌పూర్‌లోని జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో ట్రాక్ ఒక చుట్టు 400 మీటర్లు. దాన్ని 4 నిమిషాల్లో చుట్టి వచ్చే మనిషి గంటకు 6 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నట్టు లెక్క. అది చురుకైన నడకే, కానీ నడకే. అదే చుట్టును 3 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలంటే వేగం గంటకు 7.2 కిలోమీటర్లకు చేరాలి. సరిగ్గా ఆ చుట్టుపక్కలే చాలామంది పెద్దవాళ్ల కాళ్లు, ఎవరూ చెప్పకుండానే, నడక వదిలి పరుగు అందుకుంటాయి.

పట్టుబట్టి నడుస్తూనే 3 నిమిషాల్లో చుట్టు పూర్తి చేయొచ్చు. కానీ మోకాలి కింద, కాలి ముందు భాగంలో మంట మొదలవుతుంది. అదే వేగంతో మెల్లగా పరుగెత్తితే ఆ మంట తగ్గుతుంది. వేగం మారలేదు, దూరం మారలేదు. మరి మారిందేమిటి?

బండిచక్రం ఆకులాంటి కాలు

నడిచేటప్పుడు నేల మీదున్న కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. బండిచక్రంలోని ఆకు మీదుగా ఇరుసు సాగినట్టు, ఆ కాలి మీదుగా నడుము ఒక విల్లులా పైకి లేచి, ముందుకు దిగుతుంది. పైకి లేచేటప్పుడు వేగం కొంత తగ్గుతుంది, దిగేటప్పుడు తిరిగి వస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే మామూలు నడకలో కండరాలకు శ్రమ తక్కువ.

అయితే శరీరం ఆ విల్లు దారిలోనే సాగాలంటే దాన్ని కిందికి వంచే బలం కావాలి. అక్కడ ఆ పని చేసేది గురుత్వాకర్షణ ఒక్కటే. వేగం మరీ పెరిగితే ఆ బలం చాలదు, పాదం నేలను వదిలేస్తుంది. కాలి పొడవు 90 సెంటీమీటర్లు అనుకుంటే, ఈ లెక్క ప్రకారం నడకకు గరిష్ఠ హద్దు గంటకు దాదాపు 10.7 కిలోమీటర్లు. మనుషులు మాత్రం అంతదాకా ఆగరు. అవసరమైన బలం గురుత్వాకర్షణలో సుమారు సగానికి చేరగానే, అంటే 7.5 కిలోమీటర్ల దగ్గరే మారిపోతారు.

ఈ హద్దు కాలి పొడవును బట్టి మారుతుంది. 60 సెంటీమీటర్ల కాళ్లున్న పిల్లవాడికి అది గంటకు 6.2 కిలోమీటర్లే. జూబిలీ పార్కులో తండ్రి 6.5 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే పక్కనున్న పిల్లవాడు పరుగెత్తేది ఆటకోసమే కాకపోవచ్చు. ఆ కాళ్లకు ఆ వేగంలో పరుగే సహజం.

శక్తి పొదుపే కారణమా?

పరుగులో కాలి పని వేరు. మోకాలు వంగుతుంది. పాదం శరీరం కిందికి వచ్చే వేళకు నడకలో నడుము అన్నిటికన్నా పైన ఉంటే, పరుగులో అన్నిటికన్నా కింద ఉంటుంది. కాలు చక్రం ఆకులా కాక స్ప్రింగులా పనిచేస్తుంది. మడమ పైనుండే అకిలిస్ స్నాయువు సాగి, తిరిగి కుదించుకుంటూ శక్తిని వాపసు ఇస్తుంది.

తక్కువ వేగంలో నడక చవక, ఎక్కువ వేగంలో పరుగు చవక. ఈ రెండు ఖర్చులూ సమానమయ్యే చోటే శరీరం మారుతుందని చాలాకాలం అనుకున్నారు. 1993లో అలన్ హ్రెల్‌జాక్ ప్రచురించిన కొలతలు దీన్ని ప్రశ్నించాయి. మనుషులు ఇష్టపడి మారే వేగం సెకనుకు సుమారు 2.07 మీటర్లు ఉండగా, ఖర్చులు సమానమయ్యే వేగం సుమారు 2.24 మీటర్లు. అంటే పరుగు ఇంకా ఖరీదుగా ఉండగానే జనం పరుగెత్తడం మొదలుపెడుతున్నారు. మొత్తం ఖర్చు కాక, ఏదో ఒక కండరం ముందే చేతులెత్తేస్తోందన్న అనుమానం అక్కడ బలపడింది.

ముందు కండరం, వెనుక కండరం

మొదటిది కాలి ముందువైపు కండరం. అడుగు ముందుకు పడేలోపు కాలివేళ్లు నేలకు తగలకుండా ఎత్తి పట్టేది, మడమ తాకాక పాదం టప్పున పడిపోకుండా మెల్లగా దించేది అదే. వేగంగా నడిస్తే అడుగు పొడవవుతుంది, కాలు ముందుకు ఊగే సమయం తగ్గుతుంది, ఈ కండరం మీద భారం బాగా పెరుగుతుంది. పరుగులోకి మారగానే దాని పని తగ్గుతుంది. ట్రాక్ మీద మంట పుట్టేదీ, తగ్గేదీ ఇక్కడే.

రెండోది పిక్క. దీని కథ కాస్త చిత్రమైనది. కండరం ఎంత వేగంగా కుదించుకుంటే అంత తక్కువ బలం ఇవ్వగలదు. నిండు బిందెను బావిలోంచి నెమ్మదిగానే తోడగలం, చకచకా లాగాలంటే ఖాళీ బిందె కావాలి. అలాగే వేగంగా నడిచేటప్పుడు పిక్క కండరపు పోగులు మరీ వేగంగా కుదించుకోవాల్సి వస్తుంది. నరాల నుంచి ఆదేశం పెరుగుతున్నా, వచ్చే బలం తగ్గుతుంది.

అమెరికాలో డొమినిక్ ఫ్యారిస్, గ్రెగరీ సావికీ 2012లో ప్రచురించిన పరిశోధనలో అల్ట్రాసౌండ్‌తో ఈ పోగుల కదలికను నేరుగా చూశారు. సెకనుకు 2 మీటర్ల వేగంలో నడక నుంచి పరుగుకు మారితే పోగులు కుదించుకునే వేగం తగ్గింది, కండరం ఇచ్చే బలం పెరిగింది. పొడవులో మార్పులో ఎక్కువ భాగాన్ని స్నాయువు మోస్తుంది కాబట్టి, కండరం తన బలం చూపగలిగే వేగంలోనే ఉండిపోతుంది.

దీనర్థం పరుగు అన్ని కండరాలకూ హాయి అని కాదు. పిక్క మీద, తొడ ముందు కండరాల మీద బరువు మోసే పని పరుగులో ఎక్కువే. అందుకే వేగం తగ్గిస్తూ వచ్చినప్పుడు ఈ మోత కండరాలే ముందు భారమనిపించి, మనల్ని తిరిగి నడకలోకి దింపుతాయి. బోరిస్ ప్రిలుట్‌స్కీ, రాబర్ట్ గ్రెగర్ 2001లో చూపింది ఇదే. పరుగుకు తోసేవి ప్రధానంగా కాలిని ఊపే కండరాలు, నడకకు లాగేవి బరువు మోసే కండరాలు.

హద్దు దాటి నడిచేవారు

ఈ మార్పును నియమాలతో ఆపే క్రీడ ఒకటుంది. అదే రేస్ వాకింగ్. జంషెడ్‌పూర్ ఉన్న జార్ఖండ్‌లోనే, రాంచీలో 2023 ఫిబ్రవరిలో అక్ష్‌దీప్ సింగ్ 20 కిలోమీటర్లను 1 గంట 19 నిమిషాల 55 సెకన్లలో పూర్తి చేసి అప్పటికి జాతీయ రికార్డు నెలకొల్పాడు. సగటున గంటకు 15 కిలోమీటర్లు. మామూలు మనిషి పరుగందుకునే వేగానికి అది రెట్టింపు, లెక్క చెప్పిన గరిష్ఠ హద్దుకూ చాలా పైన.

అదెలా సాధ్యం? పాదం నేల వదలడం న్యాయనిర్ణేత కంటికి కనిపించకూడదు, నేల తాకిన కాలు నిటారయ్యేదాకా మోకాలు వంగకూడదు అన్నవి ఈ ఆట నియమాలు. ఆటగాళ్లు నడుమును తిప్పుతూ అడుగును పొడిగిస్తారు, శరీరం పైకి లేవడాన్ని తగ్గిస్తారు. అయినా హద్దు హద్దే. మేటి ఆటగాళ్లలో చాలామంది సెకనులో కొన్ని వందో వంతుల పాటు గాల్లోనే ఉంటారని వేగవంతమైన కెమెరాలు చూపుతాయి. అంత తక్కువ సమయాన్ని కన్ను పట్టలేదు.

రోజూ నడిచేవారికి

ట్రెడ్‌మిల్‌పై 7, 7.5 కిలోమీటర్ల దగ్గర నడక ఒక్కసారిగా కష్టమవడం దమ్ము లేకపోవడం కాదు, ఈ మార్పు వేగమే. అక్కడ పరుగెత్తడం తేలిక. కానీ నడకలో పాదం మీద పడే బలం శరీర బరువుకు కాస్త ఎక్కువైతే, పరుగులో అది రెట్టింపు దాటుతుంది. మోకాళ్ల ఇబ్బంది ఉన్నవారు వేగం బదులు ఏటవాలు పెంచితే, ఈ హద్దు దగ్గరికి వెళ్లకుండానే శ్రమ పెరుగుతుంది. ముందు కండరంలో మంట వేగం తగ్గించగానే పోతే అది అలసటే. ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పిగా ఉండి, విశ్రాంతిలోనూ తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కు చూపించాలి.