తొమ్మిది గళ్ళు, పంతొమ్మిది సార్లు

గళ్ళ పటం ఒకటి ఇచ్చి, ఈ మూల నుంచి ఆ మూలకు దగ్గరి దారి వెతకమంటే కంప్యూటర్ చేసే పని సాదాసీదాగానే ఉంటుంది. బయలుదేరిన గడి పక్కనున్న గళ్ళను ఒక క్యూలో పెడుతుంది. ముందున్నదాన్ని తీసి, దాని పక్క గళ్ళను క్యూ చివర చేరుస్తుంది. దీన్నే బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్, పొట్టిగా బీఎఫ్ఎస్ అంటారు. చిక్కుదారిలో దగ్గరి తోవ కోసం ఎడ్వర్డ్ మూర్ 1959లో ఈ పద్ధతిని ప్రచురించారు. సర్క్యూట్ బోర్డు మీద తీగ ఎటు పోవాలో తేల్చడానికి సి.వై. లీ 1961లో ఇదే వాడారు. లీ పద్ధతిలో ఒక గడిని తాకిన క్షణానే అందులో అంకె పడిపోతుంది. ఆ తక్షణం గుర్తు పెట్టడమే ఇందులో కీలకం, కొత్తగా రాసేవాళ్ళు జారవిడిచేదీ దాన్నే.

వాళ్ళు సాధారణంగా ఇలా రాస్తారు:

```python
seen = set()
q = deque([(0, 0)])
while q:
    r, c = q.popleft()
    seen.add((r, c))
    for p in neighbours(r, c):
        if p not in seen:
            q.append(p)
```

చూడ్డానికి తప్పేమీ కనిపించదు. గడిని క్యూలోంచి తీశాం, చూసేశామని రాసుకున్నాం. చిక్కల్లా క్యూలో నిలబడి ఉన్నంతసేపూ ఆ గడికి గుర్తు లేకపోవడమే. పెళ్లి శుభలేఖలు పంచేటప్పుడు జాబితాలో పేరు ఎక్కించగానే కాక, కార్డు ఇచ్చి వచ్చాక టిక్కు పెడితే ఏమవుతుంది? ఈలోగా బాబాయీ, మేనమామా అదే పేరు మళ్ళీ రాసేస్తారు.

మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు. పై వరుస 1, 2, 3. మధ్యది 4, 5, 6. కిందది 7, 8, 9. ఒకటి తీయగానే 2, 4 క్యూలోకి వస్తాయి. రెండు తీస్తే 3, 5 చేరతాయి. నాలుగు తీసేసరికి 5 క్యూలోనే ఉంది, కానీ గుర్తు లేదు కనుక అది మళ్ళీ చేరుతుంది, వెనకే 7. ఇప్పుడు క్యూలో 3, 5, 5, 7. రెండు అయిదులూ చెరొక 6నీ, చెరొక 8నీ తెస్తాయి. మూడు ఇంకో 6ను, ఏడు ఇంకో 8ని తెస్తాయి. మూడేసి ఆరులు, ఎనిమిదులు కలిసి 9ని ఆరుసార్లు క్యూలో పెడతాయి. ఉన్నవి తొమ్మిది గళ్ళే అయినా, తీసింది 19 సార్లు.

ఇంతకీ దీనివల్ల జవాబు తప్పదు. దూరం సరిగ్గానే వస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ఒక గడికి ఎన్ని దగ్గరి దారులుంటే అది క్యూలోకి అన్నిసార్లు వస్తుంది, లెక్క పెరిగేది అక్కడే. అడ్డుగోడల్లేని పది పది గళ్ళ పటంలో, మూల నుంచి మొదలుపెడితే, 1,84,755 సార్లు తీయాలి. ఇరవై ఇరవై అయితే సుమారు 13,784 కోట్లు. సెకనుకు పది లక్షలు తీసినా 38 గంటలు పడుతుంది, కానీ అంతకు చాలా ముందే క్యూ మెమరీని మింగేస్తుంది. ఎప్పటికీ ఆగడం లేదని చెప్పుకునేవాటిలో చాలావరకు ఇవే: సూత్రప్రకారం ఆగాల్సినవి, మన కళ్ళముందు ఆగనివి. ఆ seen.add వరుస ఇండెంట్ తప్పి while బయటికి జారితే మాత్రం నిజంగానే అంతుండదు. రెండు గళ్ళున్నా ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉంటాయి.

సన్నటి సందుల చిక్కుదారి మీద పరీక్షిస్తే ఈ తప్పు అసలు బయటపడదు. అక్కడ ప్రతి గడికీ ఒకే దారి, కాబట్టి నకళ్ళు పుట్టవు. అందుకే పరీక్షకు ఖాళీ మైదానంలాంటి పటం ఒకటి పెట్టాలని నా అభిప్రాయం. popleft పక్కన ఒక లెక్కింపు పెట్టి చూడండి. ఆ సంఖ్య గళ్ళ సంఖ్యను దాటిందంటే నకళ్ళున్నట్టే.

ఈ అలవాటు చాలామందికి డైక్‌స్ట్రా పద్ధతి నుంచి అంటుకుంటుంది. అక్కడ దారుల ఖర్చులు వేరువేరు, కాబట్టి మొదట తెలిసిన దారి కన్నా చవకైనది తర్వాత దొరకవచ్చు. క్యూలోంచి తీసేటప్పుడే ఖాయం చేయాలి. బీఎఫ్ఎస్‌లో ప్రతి అడుగూ సమానం. ఒక గడి మొదటిసారి క్యూలోకి వచ్చినప్పటి దూరమే దాని కనీస దూరం, అంతకన్నా మెరుగైనది రాదు. ఇక ఆగడం దేనికి?

కాబట్టి seen.add(p) ఉండాల్సింది q.append(p) పక్కనే. తీసేటప్పుడు గడి seenలో ఉందేమో చూసి, ఉంటే వదిలేసినా గండం గడుస్తుంది కానీ, కొన్ని నకళ్ళు క్యూలో చోటు తింటూనే ఉంటాయి. మొదటి గడికి మాత్రం లూపు మొదలవకముందే, చేత్తో గుర్తు పెట్టాలి. మరిచిపోతే రెండో గడి దాన్ని వెనక్కి పిలుస్తుంది. దూరాలు కూడా రాస్తున్నట్టయితే, బయలుదేరిన చోటి దూరం సున్నా పోయి రెండుగా మారుతుంది.