బల్లల సందుల్లో ఖో

జులైలో వాన పట్టుకుంటే ఆటల పీరియడ్ సాధారణంగా లెక్కల పీరియడ్ అయిపోతుంది. లేదంటే పిల్లలు తల వాల్చి కూర్చుంటారు. గ్రౌండ్ బురద, వరండా తడి, గది నిండా బల్లలు. ఇంక ఆడించేదెక్కడ అని పీఈటీ ఊరుకుంటారు. కానీ గదిని ఒకసారి కొలిచి చూస్తే దారి దొరుకుతుంది.

ఒక ఏడో తరగతి గదినే తీసుకుందాం. వెడల్పు 20 అడుగులు, పొడవు 24. పిల్లలు 42 మంది. ఇద్దరేసి కూర్చునే బల్లలు 21, మూడు వరుసల్లో ఏడేసి. గదిలో దాదాపు సగం బల్లలకే పోతుంది. మిగిలిన చోటును 42 మందికీ పంచితే ఒక్కొక్కరికి ఆరు చదరపు అడుగులే వస్తుంది. అందరూ ఒకేసారి లేస్తే మోచేతులు తగలకుండా ఉండవు. సగం మందే లేస్తే ఆ చోటు రెట్టింపవుతుంది. అందుకే పాఠాన్ని రెండు జట్లుగా ఆలోచించాలి. ఏ వ్యాయామం చేయించాలన్నది ఆ తర్వాతి ప్రశ్న.

బల్లలను బయటకు మోయించనక్కర్లేదు. మూడు వరుసలనూ కాస్త ఎడమకు జరిపి, మొదటి వరుసను గోడకు ఆనిస్తే, ప్రతి వరుసకూ కుడిపక్కన రెండున్నర అడుగుల సందు మిగులుతుంది. ఈ పని పీరియడ్‌కు ముందే అయిపోవాలి. పుస్తకాల సంచులు బల్లల కిందికి, గొడుగులు వరండాలోకి వెళ్లాలి. తడి పాదాల గుర్తులను పొడిగుడ్డతో తుడిపించాలి. కిటికీలు తెరవాలి. సందు ఇరుకు కాబట్టి చేతులు పైకీ ముందుకే తప్ప పక్కలకు చాచకూడదు.

ఇక ఆట. ఖో-ఖోలో ఎనిమిది మంది వరుసగా కూర్చుంటారు, తొమ్మిదో ఆటగాడు తరుముతూ వచ్చి వెనక నుంచి వీపు తాకి ‘ఖో’ అంటాడు. బల్లల వరుస అచ్చం అలాంటిదే. సందువైపు కూర్చున్న ఏడుగురు మొదటి జట్టు. చివరి బల్ల పిల్ల సందులోకి దిగి, ఉన్నచోటే మోకాళ్లు నడుము దాకా ఎత్తుతూ పది అడుగులు వేస్తుంది. ముందు బల్ల పిల్లవాడి భుజం తాకి, ‘ఖో’ అని మెల్లగా అంటుంది. అతను లేచి పది అడుగులు వేసి, తన ముందువాళ్లను లేపుతాడు. లేచినవాళ్లెవరూ ఆగరు. ఏడుగురూ లేవడానికి అర నిమిషం దాటుతుంది. ఆపైన అందరూ కలిసి ఇంకో నిమిషం చేసి కూర్చుంటారు. లోపలివాళ్లు సందువైపు జరిగి రెండో జట్టు అవుతారు. తర్వాతి విడతలో ఖో ముందు బల్ల నుంచి వెనక్కి వెళ్లాలి. లేకపోతే ముందు బల్లవాళ్లకు ప్రతిసారీ తక్కువే దక్కుతుంది.

కూర్చున్న జట్టుకు పని ఇవ్వకపోతే అల్లరి మొదలవుతుంది. జోడీ మోకాలు నడుము దాకా లేచిందా లేదా అన్నది వాళ్లు లెక్కపెట్టాలి. ఆయాసం ఉన్న పిల్లలు లేవకుండానే ఈ పని చేయవచ్చు.

40 నిమిషాల్లో మొదటి ఆరు నిమిషాలు నాడి చూసుకోవడానికీ, మడమలెత్తడం, భుజాలు తిప్పడం లాంటి తేలిక కదలికలకూ పోతాయి. ఖో నాలుగు విడతలకు పదహారు నిమిషాలు. తర్వాత కూర్చునే కబడ్డీ కూత: ఒకే ఊపిరిలో ఎంతసేపు కూత పెట్టగలరో జోడీలు గుసగుసగా చూసుకోవాలి. అసలు ఆటలో ఒక రైడ్‌కు గడువు 30 సెకన్లు. ఊపిరి బలవంతంగా బిగబట్టనివ్వకూడదు. చివర నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, మళ్లీ నాడి.

పాఠం పనిచేసిందో లేదో ఆ నాడే చెబుతుంది. మణికట్టు మీద వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టాలి. కూర్చున్నప్పుడు 20, 25 మధ్య ఉన్న లెక్క ఖో ముగియగానే 30 దాటాలి. వేళ్లకు నాడి అందకపోతే మాట చూడండి: మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. హాయిగా పాడుతున్నారంటే మోకాళ్లు సరిగా లేవడం లేదు. తల తిరుగుతోందంటే వెంటనే కూర్చోబెట్టాలి.

దెబ్బతినేది ఎక్కడంటే పోటీ దగ్గర. ఏ వరుస ముందు ముగిస్తుందో చూద్దాం అనగానే మోకాళ్లు బల్లకు కొట్టుకుంటాయి, పాదాలు జారతాయి. నేల దబదబలాడినా, బల్లలు కిర్రుమన్నా వేగం మితిమీరిందని గుర్తు. అందుకే గెలుపును వేగంతో కాకుండా సరిగా లేచిన మోకాళ్ల లెక్కతో తేల్చాలి. అవుటైనవాళ్లు కూర్చునే ఆటలూ ఇక్కడ వద్దు. ముందుగా అవుటయ్యేది కదలిక ఎక్కువ అవసరమైన పిల్లలే.

ఇంతచేసినా ఖోలో ఒక్కొక్కరు కదిలేది అయిదు నిమిషాలే. ఇది పరుగుకు సాటిరాదు. వాన వారమంతా పడితే రోజూ పీరియడ్ల మధ్య ఒక్కో విడత జరిపించడం మేలు. గది అప్పటికే సర్ది ఉంటుంది కాబట్టి, దానికి నాలుగు నిమిషాలు చాలు.