పాల అమ్మకమూ లెక్కే

వరంగల్‌లో ఒక చిన్న కొట్టు అనుకుందాం. ఏడాదిలో పాలు, కూరగాయలు 14 లక్షలకు, సబ్బులు, బిస్కెట్లు 7 లక్షలకు అమ్ముడయ్యాయి. పన్ను పడేది 7 లక్షలకేగా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎందుకని యజమాని అనుకుంటాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. పరిమితికి చూసేది మొత్తం అమ్మకాన్ని. పన్ను లేని పాలూ అందులో కలుస్తాయి. తెలంగాణలో సరుకులకు ఆ పరిమితి 20 లక్షలు (ఆంధ్రప్రదేశ్‌లో 40). కాబట్టి దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి.

కాంపోజిషన్ పథకం ఎంచుకుంటే, పన్ను పడే సరుకు అమ్మకంపై 1 శాతం కడితే చాలు. అయితే దాన్ని కొనేవారి దగ్గర వసూలు చేయకూడదు. మూడు నెలలకోసారి, తర్వాతి నెల 18లోగా చెల్లించాలి. అందుకే చిట్టాలో మొదటిరోజు నుంచే రెండు గళ్లు గీయండి: పన్ను ఉన్నవి, లేనివి. నెలాఖరున రెండూ కూడితే గీత ఎంత దూరంలో ఉందో కనిపిస్తుంది.